భయం లేని దయ్యాలు

సిద్దిపేటలో మిషను దవాఖాన ఆవరణ వెనకభాగంలో ఒక పెద్ద పెంకుటిల్లు ఉండేది. దాన్ని అందరూ పిల్లల అర్ర, అంటే పిల్లల గది అనేవాళ్లు. కాన్పులో తల్లి పోయిన పిల్లలు, పాలు లేక తండ్రి తెచ్చి అప్పగించిన పిల్లలు అక్కడ పెరిగేవాళ్లు. వాళ్లను పెంచే ఆయా పేరు అంజవ్వ. పుట్టింది దుబ్బాక దిక్కు ఒక పల్లెలో. పెళ్లయిన మూడో ఏట మగడు బొంబాయి మిల్లుకని పోయాడు. మొదటి రెండేళ్లు జాబులు వచ్చాయి, తర్వాత అవీ రాలేదు. పిల్లాజెల్లా లేని మనిషి అత్తగారింట్లో ఎందుకని మరిది మొహం మీదే అడిగేసరికి, మూట కట్టుకుని దవాఖానకు వచ్చి, ఏదైనా పని ఇప్పించమని అక్కడి డాక్టరు దొరసాని ముందు నిలబడింది. అప్పటినుంచి ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంది.

అంజవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ఏడుపును మాత్రం చదివేది. ఆకలి ఏడుపు వేరు, కడుపునొప్పి ఏడుపు వేరు, బెదురు ఏడుపు వేరు. పసిపిల్ల దేనికి బెదురుతుంది, ఎందుకు బెదురుతుంది, ఎంతసేపటికి తేరుకుంటుంది అన్నది ఆమెకు తెలిసినంత ఆ ఊళ్లో డాక్టర్లకు కూడా తెలియదు. ఈ విద్యకు ఎవరూ మెడలో దండ వెయ్యరు గనక ఆమె సంగతి ఎక్కడా రాసి లేదు.

ఆ అర్రలో తొమ్మిదిమంది పిల్లలు. అందులో ఒకతి విజయరాణి. ఆ పేరు దొరసాని పెట్టింది. పుట్టిన పదకొండో రోజున తొగుట పక్క పల్లెనుంచి పోశయ్య అనే రైతు గంపలో పెట్టుకుని తెచ్చి, "పెండ్లాం సచ్చిపోయింది, పాలు లేవు, బతికితే బతుకుతది" అని అప్పగించి వెళ్లాడు. బతికింది. రెండేళ్ల మూడు నెలలదైంది. అంజవ్వ నొసట చిన్నప్పుడు పొడిపించిన పచ్చబొట్టు ఉంది. దాని మీద వేలు ఆనించుకుంటే గాని రాణి నిద్రపోయేది కాదు. తొమ్మిదిమందినీ ఒక్క కంటితోనే చూడాలని అంజవ్వకు తెలుసు. చూసింది కూడా. కానీ రెండో కన్నొకటి ఉంటుంది గదా, అది ఎప్పుడూ రాణి మీదే ఉండేది.

పోశయ్య మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఈ పిల్లను దవాఖానలోనే ఉంచేయడానికి ఒప్పుకుంటానని దసరాకు ముందు కబురు పంపాడు. కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు. ఆ తర్వాత రాణిని అంజవ్వ తన కొట్టంలో సొంతబిడ్డలాగా పెంచుకోవచ్చునని దొరసాని మాట ఇచ్చింది. నవంబరు ఒకటో తారీకున పోశయ్య రావాలి. ఆ రోజు కోసం అంజవ్వ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. బిడ్డకు ఒక లంగా కూడా కుట్టిపెట్టింది, ఎవరికీ చూపించలేదు.

సరిగ్గా అప్పుడే దొరసానికి తన చిన్నతనం గుర్తొచ్చింది.

అమెరికా మనిషి. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన సంవత్సరం అది. ఆరేళ్లుగా ఇంటినుంచి సరిగ్గా ఉత్తరం రాని మనిషికి ఒక డబ్బా నిండా మిఠాయి వచ్చింది. దాంతో వాళ్ల దేశంలో అక్టోబరు ఆఖరి రోజున చేసే హాలోవీన్ పండుగ చెయ్యాలని మనసైంది. అంజవ్వను, వంటమనిషి యోబును పిలిచి పుస్తకాల తెలుగులో చెప్పింది.

"గుమ్మడికాయలకు ముఖములు చెక్కవలెను. లోపల దీపము పెట్టవలెను. దయ్యములు, గబ్బిలములు, సాలెగూళ్లు కట్టవలెను. కానీ ఎవరును ఏడవకూడదు. దయ్యము ఉండవలెను, భయము ఉండకూడదు."

"భయం లేని దయ్యమేందమ్మా? ఉప్పు లేని ఊరగాయ లెక్క" అన్నాడు యోబు. యోబు ఎప్పుడూ వంటింటి మాటలే మాట్లాడేవాడు.

అంజవ్వ నవ్వలేదు. ఆమెకు అది అర్థమైంది. పిల్లల ముందు కొంగుతో మొహం దాచుకుని, దబ్బున తీసి "బూ" అంటే వాళ్లు ఒక్క క్షణం బిక్కచచ్చిపోయి, మరుక్షణం కిలకిలమంటారు. మళ్లీ చెయ్యమంటారు. "గదే గావాలె దొరసానమ్మకు. భయం రావాలె, వచ్చి పోవాలె. పోయేటప్పుడు నవ్వు ఇడిసి పోవాలె" అని యోబుకు చెప్పింది.

మొదటి కాయను దొరసానే చెక్కింది. మూడు మూలల కళ్లు, రంపంలాంటి పళ్లు. కిటికీలు మూసి, దీపం పెట్టి, అర్రలోకి తెచ్చింది. తొమ్మిదిమందీ ఒకేసారి గొంతెత్తారు. రాణి అంజవ్వ చీర కుచ్చిళ్లలో దూరి గంటసేపు బయటికి రాలేదు. దొరసాని చిన్నబోయి, కాయను పట్టుకుని వెళ్లిపోయింది.

అప్పటినుంచి పని అంజవ్వ చేతికొచ్చింది. ఆమె చేసిన తీరు చెప్పాలి, ఎందుకంటే ఆ వారం రోజులూ ఆమె బతుకులో మంచి రోజులు.

ముందు చెక్కని కాయలనే అర్రలో దొర్లించి వదిలింది. పిల్లలు వాటి మీద ఎక్కారు, తట్టారు, నాకారు. రెండు రోజులకు అవి ఇంట్లోవాళ్లయిపోయాయి. ఆ తర్వాత చిన్న కాయలు ఏరి, తొడిమ చుట్టూ మూత కోసి, గింజా గుజ్జూ గీకి తీయించింది. గుజ్జు మిగిలితే ఒక్కరోజులో పులిసి చీమలు పడతాయి గనక పండుగకు ముందురోజే కోయమంది. కళ్లు గుండ్రంగా, నోరు పైకి తిరిగిన నెలవంకలాగా, పళ్లు లేకుండా గీసి ఇచ్చింది. ఒక కాయకు మాత్రం కిందివైపు రెండు పళ్లు ఉంచింది, వాటిని చూసి పిల్లలు తమ పళ్లు చూపించుకున్నారు. గ్యాసునూనె కరువు గనక లోపల ఆముదం ప్రమిదలు పెట్టింది. మూత పూర్తిగా మూస్తే గాలాడక దివ్వె ఆరిపోతుందని మూతకు బొక్క చేయించింది. వెలిగించిన కాయలన్నీ పిల్లల చెయ్యి అందని గోడ గూళ్లలో పెట్టాలంది.

దొరసాని తెల్ల దుప్పటితో నిలువెత్తు దయ్యం కట్టింది. అంజవ్వ దాన్ని విప్పించి, పాత గుడ్డలో దూది ఉండ పెట్టి జానెడు దయ్యాలు చేసింది, నవ్వు మొహాలు కుట్టింది. పిల్లకంటే చిన్న దయ్యమైతే పిల్ల దాన్ని చంకలో పెట్టుకుంటుందని ఆమె లెక్క. అలాగే పెట్టుకున్నారు. పాత పత్రికలకు దీపపు మసి పూసి గబ్బిలాలు కత్తిరించారు. అవి మొహానికి తగిలితే పిల్లలు జడుసుకుంటారని వాసాలకు ఎత్తుగా కట్టించింది. దూదిని పీకి దొరసాని కట్టిన సాలెగూళ్లు పిల్లల నోట్లోకి పోతాయని అవీ పైకే పోయాయి. దొరసాని మంత్రగత్తెలు పెట్టుకునేలాంటి, మొన తేలిన నల్ల కోసు టోపీ చేసుకుంది. దాన్ని చాటుగా పెట్టుకుని రావద్దనీ, పిల్లల ముందే పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకోమనీ అంజవ్వ చెప్పింది. తెలిసిన మొహం కనబడకుండా పోవడాన్ని మించిన భయం పసిపిల్లలకు లేదు. పండుగ కూడా పొద్దు గుంకకముందే, ఒక కిటికీ తెరిచి ఉంచి చెయ్యాలంది.

"నేను డాక్టరును. నీవు ప్రొఫెసరువు" అంది దొరసాని. అదేమిటో తెలియకపోయినా అంజవ్వకు సంతోషమైంది.

ఇంత చేసినా రాణి మాత్రం వెలిగించిన కాయ దగ్గరికి రాలేదు. దూరంనుంచి చూస్తుంది, పెదవి విరుస్తుంది. అంజవ్వ ఆలోచించింది. రాత్రి నిద్రలో తన నొసలు తడుముతున్న చిన్న వేలు చూసి ఆమెకు ఉపాయం తట్టింది. పొద్దున్నే గోడలకు పూసే జాజు ఇంత నానేసి, ఒక్కో కాయకు నొసట బొట్టు పెట్టింది. పచ్చరంగు కాయ మీద ఆనదని ఎర్రది పెట్టింది. మసక వెలుతురులో కూడా కళ్లు గుండ్రంగా కనబడాలని వాటి చుట్టూ సున్నం గీసింది. రాణి వచ్చింది. తల పక్కకు వాల్చి చూసింది. వేలు చాపి ఆ బొట్టు ముట్టింది. "అవ్వ" అంది కాయను.

అంజవ్వ పిల్లను ఎత్తుకుని అర్రంతా తిరిగింది. ఆ సంతోషంలో ఆమె ఒక సంగతి మరిచిపోయింది. బొట్టు పెట్టి, సున్నం కళ్లు గీసి, లోపల దివ్వె పెట్టిన గుమ్మడికాయ మన పల్లెల్లో ఏమిటో ఆమెకు తెలియనిది కాదు. దిష్టి తీసి నాలుగుబాటల కాడ వదిలేసిన కాయను తానూ చిన్నప్పుడు చుట్టు తిరిగి దాటిపోయిందే. కానీ ఎనిమిదేళ్లుగా పసిపిల్లల కళ్లతో చూసీ చూసీ, పెద్దవాళ్ల కళ్లు ఎలా చూస్తాయో ఆమెకు గుర్తు లేకుండా పోయింది. యోబు తాతల కాలం నుంచి మిషనులో పుట్టి పెరిగినవాడు, అతనికి తట్టలేదు. దొరసానికి ఎలాగూ తట్టదు.

పండుగ రోజు అంతా అనుకున్నట్టే జరిగింది. తొమ్మిదిమందీ చుట్టూ కూర్చున్నారు. గూళ్లలో కాయలు నవ్వుతున్నాయి. దొరసాని టోపీ పెట్టుకుని, తీసి, పెట్టుకుంటూ ఉంటే పిల్లలు పడిపడి నవ్వుతున్నారు. రాణి చంకలో జానెడు దయ్యం ఒకటి ఉంది. కాయను దగ్గరగా చూడాలని పిల్లలు చేతులు చాపారు. అంజవ్వ అన్నిటికంటే చిన్న కాయను గూట్లోంచి దింపి, రెండు చేతులతో పట్టుకుని, ఒక్కొక్కరి మొహం ముందుకూ తెస్తూ పిల్లల చుట్టూ తిరిగింది. "మల్ల" అన్నారు. మళ్లీ తిరిగింది. "మల్ల" అన్నారు. మూడోసారి తిరుగుతుండగా వాకిట్లో ఎవరో నిలబడ్డట్టు అనిపించి తలెత్తింది.

పోశయ్య. వెనక అతని తల్లి కొండవ్వ. అంగడికి వచ్చే బండి దొరికిందని ఒకరోజు ముందే వచ్చారు.

వాకిట్లోంచి మూడు చుట్లూ చూసిన కొండవ్వకు అంతా కనబడింది. అమాసకు నాలుగు రోజులే ఉంది. వాసాలకు నల్లటివి ఏవో వేలాడుతున్నాయి. ఒక తెల్లామె తలమీద నల్లటి కోసుది. పసిపిల్లల చుట్టూ బొట్టు పెట్టిన గుమ్మడికాయను దివ్వెతో మూడుసార్లు తిప్పుతున్నారు. మధ్యలో తన మనవరాలు, చంకలో బొమ్మ.

"ఓరి పోశిగా, సూసినవారా! ఎవ్వరి పీడనో మన పోరి మీదికి దించుతున్నరురా!" అంది కొండవ్వ. మందు పేరు చెప్పి దవాఖానలో ఏం చేస్తారోనని పల్లెల్లో ఎప్పుడూ ఉన్న అనుమానమే. ఇప్పుడు దానికి కళ్లెదుట సాక్ష్యం దొరికింది.

అంజవ్వకు ఆ క్షణంలో ఆ పెద్దవాళ్ల కళ్లు వచ్చేశాయి. చేతిలో ఏముందో చూసుకుంది.

"కాదత్తా, కాదు. గిది పండుగ. పోరలు బెదరొద్దని నేనే పెట్టిన బొట్టు" అంటూ కాయను కింద పెట్టి, కొంగుతో బొట్టు తుడిచింది. తుడిస్తే జాజు చెంపలదాకా పారి ఇంకా ఎర్రగా అయింది.

"తుడుస్తున్నది సూడు. దొంగతనం లేకుంటే ఎందుకు తుడుస్తది?" అంది కొండవ్వ.

దొరసాని టోపీ తీసేసి ముందుకొచ్చింది. మంచి మనిషి. మంచి మనసుతోనే చెప్పింది. "భయపడవద్దు. ఇది దయ్యముల పండుగ. మా దేశములో ప్రతి సంవత్సరము చేయుదుము. ఈ దయ్యములు మంచివి."

యోబు వంటింటి గడపలో నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, మీరు ఊకోండ్రి" అన్నాడు, కానీ అప్పటికే మాట దాటిపోయింది.

పోశయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గొంగడి సర్దుకున్నాడు. "దొరసానమ్మా, మీరు బతికించిన్రు. కాల్మొక్కుత. గానీ బిడ్డను నేను ఇంటికి కొంచవోత" అన్నాడు.

"ఏలుముద్ర ఏస్తనంటివి గదయ్యా" అంది అంజవ్వ. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. దొంగ పట్టుబడ్డాక అడిగినట్టే ఉంది అది.

"అప్పుడు తెల్వదు తల్లీ. ఇంట్ల ఉంటే గంజో గటకో తాగుతది. గీ దిష్టిల నడుమ ఎట్ల ఇడిసిపోవాలె? దీని తల్లి నన్ను అడగదా?"

అతను బిడ్డకు తండ్రి. కాగితం మీద ఇంకా వేలిముద్ర పడలేదు. దొరసాని ఇంకా ఏదో చెప్పబోయింది, రేపు మాట్లాడుదామంది, ఒక్క నెల ఆగమంది. బండి ఆగదన్నాడు పోశయ్య. పోట్లాడాలంటే అతను చెడ్డవాడన్నా కావాలి. కాదు. బిడ్డమీద ప్రేమ పుట్టింది, అదీ ఈ రోజే, ఈ కాయలను చూసే పుట్టింది. ఈ దురదృష్టానికి ఎవరిని తిట్టాలో అంజవ్వకు తెలియలేదు. నాకూ తెలియడం లేదు.

"పోచీ, రాయే" అని కొండవ్వ చేతులు చాపింది. చచ్చిపోయిన తల్లి పేరు పెట్టుకున్నారు వాళ్లు ఆ పిల్లకు. ఆ పేరు రాణి ఎన్నడూ వినలేదు, తల తిప్పలేదు. పోశయ్య వంగి ఎత్తుకున్నాడు. నల్ల గొంగడి, గుబురు మీసం, చెమట వాసన. వారం రోజులుగా ఆ అర్రలో ఎవరూ ఏడవకూడదని కాయల పళ్లు కూడా తీసేసిన మనిషి కళ్లముందు ఆ పిల్ల మొహం నల్లబడేలా అరిచింది. మిగతా ఎనిమిదిమందీ అందుకున్నారు. వాళ్లు కాయలకు ఏడవలేదు, రాణి ఏడుపుకు ఏడ్చారు. దొరసాని ఒకరిని చంకలో, ఒకరిని ఒళ్లో పెట్టుకుని నేలమీద కూలబడింది.

అంజవ్వ బండిదాకా వెంట నడిచింది. ఆపే హక్కు లేదు. చెప్పే పని మాత్రం ఉంది, అది తన పని. పరుగులాంటి నడకతో చెబుతూనే ఉంది.

"అత్తా, అన్నం మెత్తగ పిసికి పాలు కలుపాలె. తుమ్మితే మొదాలు ఛాతి సూడుండ్రి. చీకట్ల పండవెట్టకుండ్రి, చిన్న దివ్వె ఉంచుండ్రి. కొత్త మనిషి ఒక్కపారి మీదికి పోవద్దు, జెర దూరం కూసుంటే అదే వస్తది. ఉరుముతే చెవులు మూసి నవ్వుండ్రి, మీరు నవ్వితే అది గుడ నవ్వుతది."

కొండవ్వ అన్నీ విన్నది. చివరికి ఆమెకు కూడా తాము పొరబడ్డామా అన్న అనుమానం తగిలినట్టుంది, కొడుకు మొహం వైపు చూసింది. కానీ పల్లె మనిషి, కళ్లతో చూసినదాన్ని ఎలా కాదనుకుంటుంది. బండి ఎక్కి కూర్చుంది.

"నీ గొంగడి నెత్తిమీంచి తియ్యన్నా. మొకం కనవడాలె. మీసం ముట్టనియ్యి, ముడితే భయం పోతది" అంది అంజవ్వ.

పోశయ్య వెంటనే గొంగడి భుజాల మీదికి జార్చాడు. పిల్ల చెయ్యి పట్టుకుని మీసానికి ఆనించుకున్నాడు. రాణి చెయ్యి లాక్కుని అంజవ్వ వైపు వంగి, రెండు చేతులూ చాపి ఏడ్చింది. పోశయ్య మొహం కూడా నీరుకారింది.

"ఇంకేమన్న ఉన్నదా అమ్మా? దేనికన్న బెదురుతదా?" అని అడిగాడు.

ఉంది. స్నానానికని తాను తలుపు చాటుకు పోతే చాలు, రాణి ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంటుంది. చీకటికి దివ్వె చెప్పింది, కొత్తమొహానికి మీసం చెప్పింది, ఉరుముకు నవ్వు చెప్పింది. దీనికి వాళ్లింట్లో చేసుకునే ఉపాయం ఏదీ లేదు.

"ఏం లేదన్నా. పోండ్రి, పొద్దువోతుంది" అంది అంజవ్వ.